నెత్తురు కనిపించిన రోజు నుంచి వారం వెనక్కి

జులై నెల, ముసురు పట్టిన రోజులు. ఒక షెడ్డులో 500 వనరాజా పిల్లలున్నాయనుకుందాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన ఈ రకాన్ని నాటుకోళ్ల మార్కెట్ కోసం మన పల్లెల్లో చాలామంది పెంచుతున్నారు. పిల్లలకు 26వ రోజు. తెల్లారి షెడ్డులోకి వెళ్లిన రైతుకు ఊక మీద అక్కడక్కడా ఎర్రగా రెట్టలు కనిపించాయి. కొన్ని పిల్లలు మూలకు చేరి, రెక్కలు వాల్చి, ఈకలు రేగి, కళ్లు మూసుకుని నిలబడ్డాయి. మూడు చచ్చి ఉన్నాయి. నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగాయి కదా అని అతను ఆశ్చర్యపోతాడు. మేతలో ఏదో తేడా చేసిందనుకుంటాడు, లేదా రాత్రి చలిగాలి తగిలిందనుకుంటాడు.

కాక్సిడియోసిస్‌లో ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఆ నెత్తురుకు కారణం నిన్న రాత్రి జరిగింది కాదు. అయిదు రోజుల కింద పిల్లలు ముక్కుతో పొడుచుకు తిన్నదాని ఫలితం ఈ రోజు బయటపడింది. దానికి రంగం అంతకు రెండు రోజుల ముందే, షెడ్డు ఊక తడిసినప్పుడు సిద్ధమైంది. ఈ లెక్క తెలిసిన రైతు నెత్తురు చూడగానే మందు కోసం ఎలాగూ పరుగెత్తుతాడు, దాంతోపాటు ఏ మూల ఊక ఎందుకు తడిసిందో కూడా వెతుకుతాడు.

ఈ జబ్బు తెచ్చేది బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి. కోళ్లలో దీని జాతులు ఏడు చెబుతారు. ఒక్కొక్కటీ పేగులో తనకంటూ ఒక చోటు ఎంచుకుంటుంది. మన కథలోని నెత్తురుకు కారణమైనది ఐమీరియా టెనెల్లా. కోడికి చిన్నపేగు ముగిసేచోట రెండు గుడ్డిపేగులు ఉంటాయి, టెనెల్లా కాపురం అక్కడ. జబ్బు పడిన కోడి రెట్టలో దీని ఊసిస్టులు బయటికొస్తాయి. ఊసిస్టు అంటే గట్టి పెంకులో ఉన్న పరాన్నజీవి గుడ్డు లాంటిది, కంటికి కనపడదు. బయటికొచ్చిన క్షణాన దానివల్ల ఏ హానీ లేదు. ఆ తాజా రెట్టను అప్పటికప్పుడే మరో పిల్ల పొడిచి తిన్నా జబ్బు రాదు. అది పక్వానికి రావాలంటే మూడు కావాలి: గాలి, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, తేమ. మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో దాని లోపల ఎనిమిది చురుకైన కణాలు తయారవుతాయి. అప్పుడిక అది విత్తనమే.

ఈ మూడింటిలో గాలిని మనం ఆపలేం. వెచ్చదనం లేకపోతే పిల్లలు బతకవు. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. కోళ్ల డాక్టర్లు ఎప్పుడూ లిట్టర్ గురించి పోరుపెట్టడానికి కారణం ఇదే.

పక్వమైన ఊసిస్టు పిల్ల కడుపులోకి వెళ్తే కందనకాయలో పెంకు నలిగి పగులుతుంది. పేగులోని జీర్ణరసాలు, పిత్తం కలిసి లోపలి కణాలను విడిపిస్తాయి. అవి గుడ్డిపేగు గోడ కణాల్లో దూరి, ఒక్కొక్కటి వందలుగా చీలుతాయి. అవి మళ్లీ కొత్త కణాల్లో దూరతాయి. ఈ రెండో విడతలో పరాన్నజీవి గోడలో మరింత లోతుకు, రక్తనాళాలు ఉన్నచోటికి దిగుతుంది. నాలుగో రోజు చివర, అయిదో రోజున ఆ కణాలన్నీ ఒకేసారి పగులుతాయి. రక్తనాళాలు చిట్లుతాయి. మనం చూసే నెత్తురు అదే. చావులు ఎక్కువగా అయిదు, ఆరు రోజుల్లో జరుగుతాయి. ఆ తర్వాత ఏడో రోజు ప్రాంతంలో కొత్త ఊసిస్టులు రెట్టలో పడతాయి. నెత్తురు మొదలైన తొలిరోజు రెట్టను మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కోసారి ఊసిస్టులు కనపడకపోవడానికి కారణం ఇది. రిపోర్టులో లేదన్నారు కాబట్టి కాక్సీ కాదనుకోకూడదు. చచ్చిన పిల్లను కోసి గుడ్డిపేగు గోడను గీకి చూస్తే విషయం తేలుతుంది.

ఇప్పుడు మన షెడ్డులో వెనక్కి లెక్కపెట్టుకుందాం. 26వ రోజు నెత్తురు. అంటే పిల్లలు పెద్ద మోతాదులో విత్తనం తిన్నది 21వ రోజున. వాన పట్టింది 19వ రోజు. జల్లు లోపలికి కొడుతోందని రైతు పరదాలు దించేశాడు, రెండు రోజులు ఎత్తలేదు. నీళ్ల గిన్నెలు పిల్లలు పెరిగినా పాత ఎత్తులోనే ఉన్నాయి, వాటి చుట్టూ నీళ్లు ఒలికి ఊక ముద్దకట్టింది. గాలి ఆడక ఆ తడి ఆరలేదు. ఆ ఊకలో అప్పటికే లక్షల్లో ఊసిస్టులు పడి ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? పోయిన బ్యాచ్ నుంచి నేల పగుళ్లలో మిగిలినవో, ఎవరి చెప్పులకో అంటుకొచ్చినవో కొద్దిగా ఉంటాయి, ఏ షెడ్డూ దీనికి మినహాయింపు కాదు. వాటిని పిల్లలు మొదటి వారంలో కొద్దికొద్దిగా తిన్నాయి, రెండో వారంలో కొన్ని వేలు బయటికొచ్చాయి, మూడో వారం చివరికి ఆ వేలు లక్షలయ్యాయి. ఊక పొడిగా ఉన్నంతకాలం వాటిలో చాలావరకు పక్వానికి రాకుండానే ఎండి చచ్చాయి. వాన పడ్డాక, తడిసిన చోట పడ్డవన్నీ రెండు రోజుల్లో విత్తనాలయ్యాయి. ఈ జబ్బు మూడు నుంచి ఆరు వారాల వయసులోనే ఎక్కువగా కొట్టడానికి కారణం ఇదే. పరాన్నజీవి సంఖ్య పెరగడానికి రెండు మూడు చక్రాలు తిరగాలి, ఒక్కో చక్రానికి వారం పడుతుంది.

పెరట్లో తల్లికోడి వెంట తిరిగే పిల్లలకు ఈ జబ్బు ఇంత ఉధృతంగా రావడం అరుదు. అవి కూడా ఊసిస్టులు తింటాయి, కానీ విశాలమైన చోట ఒకటి అరా తింటాయి. ఆ కొద్ది మోతాదుకు ఒంట్లో రోగనిరోధక శక్తి పుడుతుంది. అవే పిల్లలను 500 తెచ్చి ఒక షెడ్డులో, ఒకే ఊక మీద పెడితే పరిస్థితి మారిపోతుంది. నాటుకోళ్లకు ఏ జబ్బూ రాదన్న నమ్మకంతో మినీ ఫారాలు పెట్టినవాళ్లు వానాకాలంలో దెబ్బతినేది ఇక్కడే.

రెట్ట చూడటంలో ఒక జాగ్రత్త ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా రోజులో కొన్నిసార్లు గుడ్డిపేగు నుంచి వేరే రకం రెట్ట వేస్తుంది. అది జిగురుగా, ముదురు చాక్లెట్ రంగులో, ఘాటైన వాసనతో ఉంటుంది. కొత్తగా పెంచేవాళ్లు దాన్ని చూసి హడలిపోతారు. పేగు లోపలి పొర చిన్న ముక్కలుగా ఊడి లేత ఎరుపు రంగులో అప్పుడప్పుడూ కనపడటం కూడా జబ్బు కాదు. టెనెల్లా నెత్తురు వేరు. అది తాజాగా ఎర్రగా, ఒక్కోసారి రెట్టంతా నెత్తురే అన్నట్టు ఉంటుంది, పిల్లల వెనక ఈకలు తడిసి అంటుకుంటాయి. జుట్టు, కాళ్లు పాలిపోతాయి. చచ్చిన పిల్లను కోస్తే రెండు గుడ్డిపేగులూ ఉబ్బి, బయటి నుంచే నల్లెరుపుగా, లోపల నెత్తురుతో నిండి కనిపిస్తాయి. రెండు మూడు రోజులు గడిచాక చచ్చిన పిల్లలో అదే నెత్తురు గడ్డకట్టి, జున్నులాంటి గట్టి కడ్డీగా మారి ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు దీన్ని మర్చిపోరు. అయినా పశువైద్యుడి చేత చూపించాలనే నా మాట, ఎందుకంటే పేగులో నెత్తురు తెచ్చే జబ్బులు ఇంకా ఉన్నాయి, వాటి మందులు వేరు. నెత్తురు లేకుండానే నష్టం చేసే ఐమీరియా జాతులూ ఉన్నాయి. వాటితో పిల్లలు చావవు, తిన్న మేత ఒంటికి పట్టక బరువు తగ్గిపోతాయి, రైతు దాన్ని మేత నాణ్యత మీదకు నెడతాడు.

ఇక మందు. 26వ రోజు పిల్ల బరువు సగటున 300 గ్రాములు, 500 పిల్లలు రోజుకు తాగే నీళ్లు సుమారు 35 లీటర్లు అనుకుందాం. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఆంప్రోలియం 20 శాతం పొడి. తీవ్రంగా ఉన్నప్పుడు వాడే మోతాదు లీటరుకు 1.2 గ్రాములు, అంటే రోజుకు 42 గ్రాములు. అయిదు నుంచి ఏడు రోజులు ఇవ్వాలి, ఆ రోజుల్లో షెడ్డులో వేరే నీళ్లు ఉండకూడదు. రోజూ కొత్తగా కలపాలి. మందును మేతలో కాక నీళ్లలో ఇవ్వడానికి కారణం ఉంది. జబ్బు పడ్డ పిల్ల ముందుగా మానేసేది మేత, నీళ్లు మాత్రం ఇంకా తాగుతుంది. డబ్బా మీద రాసిన గాఢత వేరుగా ఉంటే లెక్క మారుతుంది కాబట్టి లేబుల్ చదివి, డాక్టరును అడిగి కలపాలి.

ఆంప్రోలియం చూడటానికి విటమిన్ బి1 లాగే ఉంటుంది. పరాన్నజీవి దాన్ని బి1 అనుకుని తీసుకుని ఆకలితో చస్తుంది. అందుకే ఆ రోజుల్లో నీరసంగా ఉన్నాయని అదే నీళ్లలో బి కాంప్లెక్స్ కలిపితే మందు పనిని మన చేత్తో మనమే చెడగొట్టినట్టు. విటమిన్ కె ఇవ్వచ్చు, నెత్తురు గడ్డకట్టడానికి ఉపయోగం. విటమిన్ ఎ పేగు గోడ మానడానికి పనికొస్తుంది. బి కాంప్లెక్స్ మందు కోర్సు అయ్యాకే. యాంటిబయాటిక్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం మరో పొరపాటు, అది ఈ పరాన్నజీవిని ఏమీ చేయలేదు.

మరో విషయం రైతుకు ముందే చెప్పకపోతే చాలా నష్టం జరుగుతుంది. ఆంప్రోలియం ప్రధానంగా పరాన్నజీవి మొదటి విడత మీద పనిచేస్తుంది. ఈ రోజు నెత్తురు వేస్తున్న పిల్లలో ఆ దశ ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి మందు మొదలుపెట్టాక కూడా రెండు మూడు రోజులు చావులు ఆగకపోవచ్చు. మందు కాపాడేది నిన్నా మొన్నా విత్తనం తిన్నవాటిని. ఈ సంగతి తెలియక రెండో రోజుకే మందు మార్చి, మూడో రోజు ఇంకొకటి కలిపి, ఏదీ పూర్తి కోర్సు ఇవ్వని రైతులు ఎందరో. టోల్ట్రాజురిల్ అనే మందు పరాన్నజీవి పేగులో ఉన్న అన్ని దశల మీదా పనిచేస్తుంది. కిలో బరువుకు 7 మిల్లీగ్రాముల చొప్పున రెండు రోజులు ఇస్తారు. 2.5 శాతం ద్రావణమైతే మన 150 కిలోల పిల్లలకు రోజుకు 42 మిల్లీలీటర్లు పడుతుంది. ఖరీదు ఎక్కువ, ఉధృతంగా ఉన్నప్పుడు డాక్టర్లు దీన్నే రాస్తారు. సల్ఫా మందులు పాతవి, పనిచేస్తాయి, కానీ మోతాదు మించినా రోజులు మించినా అవే ఒంట్లో నెత్తురు కార్పిస్తాయి. వాటిని సొంతంగా వాడటం మంచిది కాదు.

మందు పడుతుండగానే ఊక సంగతి చూడాలి. ముద్దకట్టిన ఊకను పారతో ఎత్తి సంచుల్లో నింపి షెడ్డుకు దూరంగా పారేయాలి. దాని మీదే కొత్త ఊక చల్లితే పైకి పొడిగా కనిపిస్తుంది, కింద తడి అలాగే ఉంటుంది, పిల్లలు గీరి దాన్నే పైకి తెస్తాయి. తీసేసిన చోట నేల ఆరాక పొడి ఊక వేయాలి. తేమ ఎంత ఉందో కొలవడానికి యంత్రం అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసి గట్టిగా పిడికిలి బిగించి తెరవాలి. ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువ. కొద్దిగా అంటుకుని వెంటనే విడిపోతే సరిగ్గా ఉంది, అంటే 20 నుంచి 25 శాతం తేమ. అసలు అంటుకోకుండా దుమ్ములా రాలితే మరీ పొడి, దానివల్ల పిల్లలకు శ్వాస ఇబ్బందులొస్తాయి. ఈ పరీక్ష షెడ్డు మధ్యలో ఒకచోట చేసి ఊరుకోకూడదు. నీళ్ల గిన్నెల కింద, పరదాల పక్కన, పైకప్పు కారే చోట విడివిడిగా చూడాలి. జబ్బు మొదలయ్యేది ఆ మూలల్లోనే.

నీళ్ల గిన్నె అంచు పిల్ల వీపు ఎత్తుకు ఉండాలి, పిల్లలు పెరిగేకొద్దీ వారానికి రెండుసార్లయినా ఎత్తాలి. నిపుల్ లైన్ అయితే పిల్ల మెడ పైకి చాచి తాగాలి, కారే నిపుల్‌ను ఆ రోజే మార్చాలి. వానలో పరదా పూర్తిగా దించడం అందరూ చేసేదే, మనసుకు అది రక్షణలా అనిపిస్తుంది. కానీ వందల పిల్లల ఊపిరి, రెట్టల తేమ లోపలే నిలిచిపోతుంది. జల్లు వచ్చే వైపు దించి, ఎదుటి వైపు పైన జానెడు ఖాళీ వదలాలి. షెడ్డులో కూర్చుని, ముక్కు పిల్లల ఎత్తుకు తెచ్చి గాలి పీల్చి చూడాలి. కళ్లు మండితే గాలి చాలడం లేదని, ఊక తడిగా ఉందని అర్థం. నిలబడి చూస్తే ఆ వాసన తెలియదు. వరి ఊక, వేరుశెనగ పొట్టు, రంపపు పొట్టు ఏదైనా వాడచ్చు, రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. వానాకాలంలో రోజూ ఊక తిరగేయాలి. కొందరు సున్నం కలుపుతారు. కొద్దిగా కలిపితే తేమ పీలుస్తుంది, ఎక్కువైతే అమ్మోనియా వాసన పెంచుతుంది.

ఇంత చేసినా జబ్బు రాకుండా పూర్తిగా ఆపలేం కాబట్టే మేతలో ముందస్తు మందు కలిపే పద్ధతి వచ్చింది. 1948లో సల్ఫాక్వినాక్సలిన్‌తో మొదలైన ఈ పద్ధతి, 1971లో అమెరికాలో మోనెన్సిన్ వచ్చాక ప్రపంచమంతా పాకింది. మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి అయనోఫోర్లు. నికార్బజిన్, డీఓటీ, డైక్లజురిల్, రోబెనిడిన్ లాంటివి రసాయన మందులు. అయనోఫోర్లు పరాన్నజీవిని మొత్తంగా చంపవు. కొన్ని మిగులుతాయి, ఆ మిగిలిన వాటితోనే పిల్లకు నెమ్మదిగా రోగనిరోధక శక్తి వస్తుంది. రసాయన మందులు గట్టిగా చంపుతాయి, కానీ వాటికి పరాన్నజీవి త్వరగా అలవాటు పడిపోతుంది. అందుకే పెద్ద బ్రాయిలర్ ఫారాలు స్టార్టర్ మేతలో ఒకటి, తర్వాతి మేతలో ఇంకొకటి వాడతాయి, కొన్ని నెలలకోసారి మందునే మారుస్తాయి. ఏళ్ల తరబడి ఒకే మందు వాడిన షెడ్డులో అది మెల్లగా పనిచేయడం మానేస్తుంది.

మన షెడ్డులో ముందస్తు మందు ఉందా? ఉంది. రైతు కొన్న స్టార్టర్ మేతలో సాలినోమైసిన్ టన్నుకు 60 గ్రాములు. 50 కిలోల బస్తాకు లెక్కేస్తే 3 గ్రాములు. అయితే ఖర్చు తగ్గుతుందని 15వ రోజు నుంచి అతను ఆ మేతలో సగానికి సగం నూకలు, తవుడు కలిపాడు. మందు కూడా సగమైపోయింది. ఆ సగం మోతాదు లక్షల విత్తనాలను ఆపలేదు. నాటుకోళ్ల ఫారాల్లో ఇది నేను పదేపదే గమనించిన లోపం. మేత పలచన చేయడం తప్పనిసరైతే మందు లెక్క మళ్లీ సరిచేయించుకోవాలి. సొంత మేత తయారుచేసుకునేవాళ్లు మూడు గ్రాముల మందును 50 కిలోల్లో చేత్తో సమంగా కలపలేరు. 12 శాతం ప్రీమిక్స్ అయితే బస్తాకు 25 గ్రాములు. దాన్ని ముందు ఒక కిలో పిండిలో, ఆ కిలోను అయిదు కిలోల్లో, ఆ తర్వాతే మొత్తంలో కలపాలి. ఒకచోట ఎక్కువ పడితే అయనోఫోర్లు కోళ్లకే విషం. గుర్రాలకు, టర్కీ కోళ్లకు మరీ ప్రమాదం, ఆ మేత సంచులు వాటికి అందకూడదు.

మన వాతావరణంలో మర్చిపోకూడని రెండు హెచ్చరికలున్నాయి. నికార్బజిన్ మేత తిన్న కోళ్లు వేడిని తట్టుకోలేవు, ఏప్రిల్, మే ఎండల్లో అది వాడితే వడదెబ్బ చావులు పెరుగుతాయి. శ్వాస జబ్బుకని టయాములిన్ ఇస్తే, అదే సమయంలో మేతలో మోనెన్సిన్ గాని సాలినోమైసిన్ గాని ఉంటే కోళ్ల కాళ్లు పడిపోతాయి. ఒక డాక్టరు మేత మందు రాసి, ఇంకొకరు నీళ్ల మందు రాసినప్పుడు ఇది జరుగుతుంది. మేత సంచి మీది లేబుల్‌ను డాక్టరుకు చూపిస్తే తప్పుతుంది. అమ్మకానికి ముందు ఎన్ని రోజులు మందు ఆపాలో కూడా ఆ లేబుల్ మీదే ఉంటుంది.

గుడ్ల కోసం, బ్రీడింగ్ కోసం ఎక్కువ కాలం ఉంచే కోళ్లకు టీకా మంచి దారి. ఇందులో ఇచ్చేది బతికి ఉన్న ఊసిస్టులనే, కొద్ది మోతాదులో. పిల్ల వాటిని తిని, రెట్టలో వేసి, మళ్లీ తిని, రెండు మూడు చక్రాల్లో శక్తి తెచ్చుకుంటుంది. అందువల్ల టీకా వేసిన షెడ్డులో లిట్టర్ మరీ పొడిగా ఉంటే ఆ చక్రం తిరగదు, టీకా వృథా అవుతుంది. మేతలో మందు ఉన్నా అంతే. ఒక జాతికి వచ్చిన శక్తి ఇంకో జాతికి పనికిరాదు. టెనెల్లా నుంచి బతికిన పిల్లలకు రెండు మూడు నెలల వయసులో నెకాట్రిక్స్ అనే మరో జాతి వల్ల మళ్లీ నెత్తురు రావచ్చు.

మన 500 పిల్లల బ్యాచ్ అమ్ముడయ్యాక ఆ షెడ్డు నేలను ఏం చేస్తారన్నది మిగిలింది. ఊసిస్టు పెంకు మనం మామూలుగా చల్లే ఫినాయిల్‌కు, ఫార్మలిన్‌కు పెద్దగా లొంగదు. అది లొంగేది వేడికి, ఎండకు, గాఢమైన అమ్మోనియాకు. ఊకంతా తీసి, నేల గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి, ఫ్లేమ్ గన్‌తో మూలలు, గోడ అడుగులు, పగుళ్లు కాల్చాలి. మట్టి నేల అయితే పైపొర తీసేసి కొత్త మట్టి కొట్టాలి, ఎందుకంటే తేమ మట్టిలో ఊసిస్టులు నెలల తరబడి బతుకుతాయి. ఈలోగా తర్వాతి బ్యాచ్‌కు మొదటి నాలుగైదు వారాలు వైరు మెష్ అడుగున్న బ్రూడర్ చేయించుకోగలిగితే రెట్ట కిందికి పడిపోతుంది, పిల్ల ముక్కుకు అందదు. చిన్న ఫారానికి ఆ ఖర్చు ఒక్క బ్యాచ్‌లో చచ్చే పిల్లల ధర కన్నా తక్కువే అవుతుంది.